పగ ట్రేడుకు పగ్గం: బావమరిది ఖాతా మీద ప్రాజెక్టు డైరీ

ఆదివారం. ఫైలు చేతికొచ్చింది

విజయవాడలో ఉండే మా బావమరిది కొంతకాలంగా క్రిప్టో ఫ్యూచర్స్ చేస్తున్నాడు. పగలు ఉద్యోగం, రాత్రి ట్రేడింగ్. ఈమధ్య వరసగా దెబ్బలు తగిలేసరికి ఫోన్ చేసి, "బావా, నా స్ట్రాటజీ పాడైపోయినట్టుంది. డేటా ఒకసారి చూసిపెట్టవా" అన్నాడు. నాది ఆఫీసులో రిపోర్టులు తయారుచేసే పని, పైథాన్ కొంచెం వచ్చు. బిట్‌కాయిన్ రేపు పెరుగుతుందో పడుతుందో నాకు తెలీదు, ఆ పంచాయితీలోకి దిగే ఉద్దేశమూ లేదు. నేను ఒప్పుకున్నది ఒక్కటే. నష్టం వచ్చిన తర్వాత అతను ఏం చేస్తున్నాడో లెక్కల్లోంచి బయటికి తీస్తాను. పోయిన డబ్బును వెంటనే రాబట్టాలని కసిగా తీసే ట్రేడునే పగ ట్రేడు అంటున్నాను. దాన్నిబట్టి ఎప్పుడు ఆగాలో రూల్స్ ఇద్దరం కలిసి రాసుకుంటాం.

ఎక్స్‌ఛేంజీ నుంచి దించిన ఫైలు మొదటి గంటలోనే చుక్కలు చూపించింది. అందులో ఒక్కో వరుస ఒక్కో ట్రేడు కాదు. ఒకే ఆర్డరు నాలుగైదు ముక్కలుగా ఎగ్జిక్యూట్ అయితే ఫైల్లో నాలుగైదు వరుసలు పడతాయి. అలాగే లెక్కపెడితే, ధర ఇంతకు మించి ఎదురు తిరిగితే తనంతట తానే మూసేసే ఆర్డరు, అంటే స్టాప్‌లాస్, ఒక్కటి తగిలినా "వరసగా ఐదు నష్టాలు" అని చూపిస్తుంది. అందుకే పొజిషన్ తెరిచినప్పటి నుంచి పూర్తిగా మూసేదాకా ఉన్న ముక్కలన్నిటినీ ఒక ట్రేడుగా కలిపాను. టైమ్ కూడా యూటీసీలో, మిల్లీసెకన్లలో ఉంది. దాన్ని మన టైముకు మార్చకపోతే రాత్రి 11 గంటల ట్రేడు సాయంత్రం 5:30కి చేసినట్టు కనిపిస్తుంది.

```python
t["open"] = (pd.to_datetime(t["open_ms"], unit="ms", utc=True)
               .dt.tz_convert("Asia/Kolkata"))
```

సోమవారం రాత్రి. ఒక్క సాయంత్రం, ఆరు ట్రేడులు

మొత్తం ఫైలు మీద పడేముందు, అతనే "ఆ రోజు బుర్ర పనిచెయ్యలేదు బావా" అని చెప్పిన సాయంత్రాన్ని విడిగా తీసుకున్నాను. ఖాతాలో అప్పటికి లక్షన్నర ఉంది. ఒక ట్రేడులో ఒక శాతానికి మించి పోగొట్టుకోకూడదని అతను పెట్టుకున్న రూలు. అంటే 1,500 రూపాయలు. దాన్ని ఇకమీద ఒక యూనిట్ అంటాను.

అమెరికా స్టాక్ మార్కెట్ మన సాయంత్రం 7 గంటలకు తెరుస్తారు, చలికాలంలో 8కి. క్రిప్టో కూడా ఆ టైములోనే ఎక్కువగా ఊగుతుంది. ఆ రోజు 7:12కి బిట్‌కాయిన్ లాంగ్, అంటే పెరుగుతుందని పందెం, తీసుకున్నాడు. పొజిషన్ విలువ సుమారు 1.9 లక్షలు, స్టాప్‌లాస్ 0.8 శాతం కింద. 7:31కి స్టాప్ తగిలి 1,500 పోయింది. 7:54కి ఈథర్ లాంగ్, 8:24కి అదీ స్టాపే, 1,600 పోయింది. ఇక్కడిదాకా వంకపెట్టడానికేమీ లేదు. సైజు ప్లాన్ ప్రకారమే ఉంది, స్టాప్ పెట్టిన చోటే ఉంది, రెండు ట్రేడుల మధ్య ఇరవై నిమిషాలకు పైగా గ్యాప్ ఉంది.

8:27కి అదే ఈథర్‌ను షార్ట్ చేశాడు. మూడు నిమిషాల కిందటిదాకా పెరుగుతుందన్న మనిషి పడుతుందని రెట్టింపు సైజుతో దిగాడు. స్టాప్ పెట్టాడు గానీ ధర దగ్గరికి రాగానే దాన్ని దూరం జరిపాడు. 8:58కి మూసేసరికి 4,100 పోయింది. 8:59కి సొలానా, 20 రెట్ల లెవరేజి, అంటే చేతినుంచి పెట్టిన డబ్బుకు 20 రెట్ల పొజిషన్, స్టాప్ లేనే లేదు. 9:40కి 7,300 పోయింది. 9:42కి తెరిచిన డోజ్‌కాయిన్ షార్ట్ మాత్రం 11:10కి 2,400 లాభంతో మూశాడు. 11:15కి మళ్ళీ బిట్‌కాయిన్, 25 రెట్లు, అర్ధరాత్రి దాటాక 1:05కి 9,800 నష్టం. వెరసి 21,900. ప్లాన్ ప్రకారం చేసిన రెండు ట్రేడుల నష్టం అందులో 3,100 మాత్రమే.

ఆఖరి ట్రేడు సైజు సరిగ్గా 6 లక్షలు. ఈ అంకె ఎక్కడినుంచి వచ్చిందా అని చాలాసేపు చూశాను. చార్టులో ఏ స్టాప్‌తో లెక్కవేసినా అది రాదు. అప్పటిదాకా పోయినవన్నీ కలిపి చూస్తే అర్థమైంది: డోజ్ లాభం పోను నికర నష్టం 12,100. బిట్‌కాయిన్ 2 శాతం కదిలితే 6 లక్షల మీద 12,000 వస్తుంది! అంటే "నా స్టాప్ ఇక్కడ, కాబట్టి సైజు ఇంత" అని లెక్క కట్టలేదు. "నాకు 12 వేలు తిరిగి రావాలి, కాబట్టి సైజు ఇంత" అని వెనకనుంచి కట్టుకొచ్చాడు. ఫోన్లో చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ 2 శాతం నాకు గుర్తుంది బావా" అన్నాడు.

పగ ట్రేడును గుర్తుపట్టడానికి ఇంతకంటే మంచి ఆనవాలు నాకు దొరకలేదు. కోపంగా ఉన్నావా, టెన్షన్‌గా ఉన్నావా అని అడిగితే ఆ క్షణంలో ఎవరూ ఉన్నామని చెప్పరు. పైగా కోపం అంటే అరవడమే అనుకుంటాం గానీ ఇతను ఆ 6 లక్షల ట్రేడును చాలా ప్రశాంతంగా, కాలిక్యులేటర్ తీసి మరీ చేశాడు. సైజు మాత్రం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పేస్తుంది.

ఫీజు సంగతి కూడా ఇక్కడే రాసిపెడతాను. వెళ్ళేటప్పుడు 0.05 శాతం, వచ్చేటప్పుడు 0.05 శాతం అనుకుంటే 6 లక్షల మీద 600, దానిమీద జీఎస్టీ వేరే. ఈ ఫీజు లెవరేజి కలిపిన మొత్తం విలువ మీద పడుతుంది, మనం పెట్టిన మార్జిన్ మీద కాదు. 25 రెట్లలో మార్జిన్ 24,000. ట్రేడు గెలిచినా ఓడినా అందులో రెండున్నర శాతం ముందే పోయినట్టే.

బుధవారం. జెండా గుర్తించనిది

మొత్తం ఫైల్లో పగ ట్రేడుల మీద జెండా పెట్టడానికి మొదట రాసిన నియమం ఇది: ముందు ట్రేడు నష్టం, అది మూసిన పదిహేను నిమిషాల్లోపే కొత్తది తెరవడం.

```python
t["gap"] = (t["open"] - t["close"].shift()).dt.total_seconds() / 60
t["hot"] = (t["gap"] < 15) & (t["pnl"].shift() < 0)
```

అతను ఒక్కసారి ఒక్క పొజిషనే తీస్తాడు కాబట్టి ఇది సరిపోయింది. ఒకేసారి రెండు మూడు పొజిషన్లు నడిపేవాళ్ళకి `shift()` తప్పు జవాబిస్తుంది.

నడిపి చూస్తే 8:27, 8:59, 9:42 ట్రేడులకు జెండా పడింది. అన్నిటికంటే ఖరీదైన 11:15 ట్రేడుకు పడలేదు! దాని ముందు ట్రేడు లాభంలో మూసింది కదా. చిన్న గెలుపు వచ్చినంత మాత్రాన పగ చల్లారదు, పైగా "ఇదిగో, ఇప్పుడు లయలో పడ్డాను" అనే ధైర్యం కూడా తోడవుతుంది. కాబట్టి ముందు ట్రేడు ఒక్కటే చూస్తే చాలదు. గత 24 గంటల మొత్తం రెండు యూనిట్లకు మించి నష్టంలో ఉండగా, మామూలు సైజుకు ఒకటిన్నర రెట్లు దాటిన ట్రేడు ఏదైనా సరే, ముందుది గెలుపైనా సరే, జెండా పడేలా మార్చాను.

"ఈ రోజు" అని కాకుండా "గత 24 గంటలు" అని పెట్టడానికి కారణం కూడా ఆ సాయంత్రమే. 11:15 ట్రేడు మూసింది 1:05కి కాబట్టి క్యాలెండర్ లెక్కలో 12,100 ఒకరోజు ఖాతాలో, 9,800 మర్నాటి ఖాతాలో పడ్డాయి. రోజువారీ నష్టపరిమితి పెట్టుకుని రాత్రి 12కి కొత్త రోజు మొదలైందనుకుంటే, 11:40కి పరిమితి తగిలిన మనిషి 12:01కి మళ్ళీ ఫ్రెష్‌గా కూర్చుంటాడు. యూటీసీ రోజు వాడినా ఇదే గొడవ, అది మనకు తెల్లవారి 5:30కి మారుతుంది. స్టాక్ మార్కెట్లో 3:30కి తెర పడిపోతుంది కాబట్టి ఈ ప్రశ్నే రాదు. క్రిప్టోకి గంట కొట్టేవాడు లేడు.

చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో బాండ్ ఫ్యూచర్స్ ట్రేడర్ల మీద జాషువా కోవల్, టైలర్ షమ్‌వే చేసిన అధ్యయనం ఒకటి 2005లో వచ్చింది. అనుభవం ఉన్న ఆ ప్రొఫెషనల్స్ కూడా ఉదయం నష్టపోతే మధ్యాహ్నం ఎక్కువ రిస్క్ తీసుకుంటున్నారని అందులో తేలింది. వాళ్ళకు కనీసం మధ్యాహ్నం రెండింటికి ట్రేడింగ్ జరిగే పిట్ మూతపడేది.

శనివారం. "అది మార్కెట్ బాగోలేని రోజు"

జెండా పడ్డ ట్రేడులు మొత్తంలో ఐదో వంతు కూడా లేవు. వాటిని పక్కన పెడితే ఖాతా కాస్త లాభంలోనే ఉంది. మొత్తం నష్టం, పైన కొంచెం, ఆ ఐదో వంతులోనే ఉంది.

బావమరిది వెంటనే ఒక అభ్యంతరం చెప్పాడు, అది మంచి అభ్యంతరం. "మార్కెట్ అటూ ఇటూ కొట్టే రోజు ఏ ట్రేడైనా స్టాపే తగులుతుంది. వరసగా పోయేది కూడా ఆ రోజే. అందుకే త్వరత్వరగా తీసినవన్నీ చెడ్డగా కనిపిస్తున్నాయి. నా తొందర తప్పు కాకపోవచ్చుగా బావా?"

అందుకని జెండా పడ్డ ట్రేడులన్నీ మామూలు సైజులోనే చేసి ఉంటే ఏమయ్యేదో తిరిగి లెక్కించాను. అప్పుడు కూడా నష్టమే గానీ చాలా చిన్నది. అంటే సగం అతని మాట నిజం. తొందరలో ఎంచుకున్న ట్రేడులు కొంచెం నాసిరకం, అంతే. అసలు దెబ్బ కొట్టింది సైజు. ఇది తేలకముందు నా రూల్స్ అన్నీ టైము చుట్టూ తిరిగేవి: ఇంత సేపు ఆగు, అంత సేపు ఆగు. ఇప్పుడు మొదటి రూలు సైజుది అయింది. ఖాతా గత గరిష్ఠానికి కింద ఉన్నంతకాలం సైజు పెంచడానికి లేదు, తగ్గించుకోవచ్చు.

తర్వాత, ఎన్ని నష్టాలకు ఆగాలి? రెండు అన్నాను నేను. అతని ట్రేడుల్లో గెలిచేవి వందకు 45. అలాంటప్పుడు ఏ రెండు ట్రేడులు తీసుకున్నా రెండూ ఓడే అవకాశం 30 శాతం. ప్రతి మూడో సాయంత్రం దుకాణం కట్టేయమంటే ఏ మనిషీ వారం దాటి పాటించడు. వరస నష్టాలు ఎంత మామూలో అతనికి చూపించడానికి ఈ చిన్న లెక్క నడిపాను.

```python
import random
def longest(n=100, p=0.45):
    best = run = 0
    for _ in range(n):
        run = 0 if random.random() < p else run + 1
        best = max(best, run)
    return best
r = [longest() for _ in range(20000)]
for k in (5, 7):
    print(k, sum(x >= k for x in r) / len(r))
```

వంద ట్రేడుల్లో ఎక్కడో ఒకచోట వరసగా ఐదు నష్టాలు వచ్చే అవకాశం 90 శాతం దగ్గర తేలింది. ఏడు రావడానికి కూడా సగానికి కాస్త తక్కువ. ఇదంతా ఏ తప్పూ చెయ్యకుండా, స్ట్రాటజీ చెక్కుచెదరకుండా ఉంటేనే. అతను స్క్రీన్ చూస్తూ, "అయితే నాది పాడవ్వలేదంటావా?" అన్నాడు. ఈ లెక్క ఆ మాట చెప్పదు. ఐదు నష్టాలను చూసి పాడైందని తీర్పు చెప్పలేం అని మాత్రం చెబుతుంది. వాటికి జవాబుగా సైజు పెంచాల్సిన కారణం అందులో ఎక్కడా లేదు.

చివరికి కుదిరిన ఒప్పందం: ఏ నష్టం తర్వాతైనా 30 నిమిషాలు కొత్త ఆర్డరు లేదు. గత 24 గంటల్లో మూడు యూనిట్లు పోతే, అంటే 4,500, మర్నాడు సాయంత్రం 6 దాకా ఆపేయాలి. మధ్యలో నిద్ర తప్పనిసరిగా పడుతుందని ఆ టైము పెట్టాం. ఏడు రోజుల్లో ఆరు యూనిట్లు పోతే వారం విరామం, తర్వాత సగం సైజుతో తిరిగి రావాలి. పూర్తి సైజు ఎప్పుడన్నది పెద్ద చర్చే అయింది. "నాలుగు గెలిచాక" అన్నాడు. అలా పెడితే ఆ నాలుగు గెలుపుల కోసం మళ్ళీ అదే తొందర పుడుతుంది. గెలుపోటములతో పని లేకుండా, సైజూ స్టాపూ ముందే రాసి అలాగే నడిపిన ట్రేడులు పది పూర్తయితే చాలని తేల్చాం.

మరో మంగళవారం. చేతికి అందకుండా

రూల్స్ కాగితం మీద బాగానే ఉన్నాయి. రాత్రి 9 గంటలకు ఆ కాగితం ఎవరు చూస్తారు?

మొదటి ఆలోచన, పరిమితి తగలగానే నా స్క్రిప్టు ఆర్డర్లన్నీ రద్దు చేసేయడం. రాయడం తేలికే గానీ ప్రమాదం. "అన్నీ రద్దు" అంటే తెరిచి ఉన్న పొజిషన్ తాలూకు స్టాప్‌లాస్ ఆర్డరు కూడా పోవచ్చు. ఆపడానికి పెట్టిన యంత్రమే పొజిషన్‌ను దిక్కులేకుండా వదిలేస్తుంది. ఆర్డర్లు మార్చే అనుమతి ఉన్న ఏపీఐ కీ నా ల్యాప్‌టాప్‌లో ఉండటం కూడా నాకు ఇష్టం లేదు. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న కీ తీసుకుని, లెక్క చూసి మెసేజ్ పంపేదాకా ఉంచాను. విరామం కొత్త ఎంట్రీలకే అని రూల్లో స్పష్టంగా రాశాం: ఉన్న స్టాప్ అలాగే ఉంటుంది, దగ్గరికి జరపొచ్చు, దూరం జరపడానికి లేదు.

కొన్ని ఎక్స్‌ఛేంజీల్లో కూలింగ్ ఆఫ్ సెట్టింగు ఉంటుంది. ఒకసారి పెడితే గడువు తీరేదాకా ట్రేడింగ్ తెరుచుకోదు. అతను వాడేదాంట్లో లేదు. ఉంటే ఈ ఎంట్రీలో సగం అక్కర్లేకపోయేది.

మిగిలిన దారి డబ్బును పక్కకు తీయడం. ఫ్యూచర్స్ వాలెట్‌లో 20,000 మాత్రమే ఉంచాం. 10 రెట్ల లెవరేజిలో 2 లక్షల పొజిషన్, అతని మామూలు సైజుకు చాలు. దీనికి ఒక హద్దుంది. లెవరేజిని 25కి జరపడం ఒక్క వేలి పని, అప్పుడు అదే 20,000తో 5 లక్షల పొజిషన్ తీయొచ్చు. కాబట్టి ఇది సైజును ఆపలేదు, పోయే మొత్తానికి మాత్రం అడ్డుకట్ట వేస్తుంది. మిగతా డబ్బు అతని జీతం ఖాతాలో ఉంటే యూపీఐతో రెండు నిమిషాల్లో మళ్ళీ లోపలికి వస్తుంది. ఎక్కడ పెడదాం అంటే మా ఆవిడ పక్కనుంచి, "అమ్మ ఖాతాలో వెయ్యమనండి" అంది. అవతల వాడు ఫోన్లోనే కంగారుపడ్డాడు. "అక్కా, అమ్మని అడగాలంటే ఎందుకో చెప్పాలి!" అన్నాడు. అదే కావాల్సింది. అక్కడే వేశాం.

స్టాప్ గురించి ఒక మాట. 2025 అక్టోబర్ 10న, చైనా మీద 100 శాతం అదనపు సుంకం వేస్తామని ట్రంప్ ప్రకటించాక, క్రిప్టోలో 1,900 కోట్ల డాలర్లకు పైగా లెవరేజి పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి, అంటే ఎక్స్‌ఛేంజీలే వాటిని బలవంతంగా మూసేశాయి. పెద్ద పతనం జరిగింది మన టైములో 11వ తేదీ తెల్లవారుజామున 2:30 ప్రాంతంలో. అలాంటి రాత్రి స్టాప్ పెట్టిన ధరకే అమ్ముడుపోతుందని భరోసా లేదు, విరామం రూలు కూడా ఏమీ చెయ్యలేదు. నిద్రపోయేముందు ఎంత సైజు తెరిచి ఉంచామన్నదే మిగులుతుంది.

శుక్రవారం. సందు దొరికింది

మొదటి నిజమైన విరామం పడింది. 8:50కి మూడు యూనిట్లు దాటాయి, మెసేజ్ వెళ్ళింది, ఆగాడు. అమ్మకు ఫోన్ కూడా చెయ్యలేదు. తీరా చూస్తే స్పాట్‌లో, అంటే లెవరేజి లేకుండా నేరుగా, ఒక చిన్న కాయిన్ కొన్నాడు. "ఫ్యూచర్సే కదా బావా ఆపమన్నది" అన్నాడు. నా ఫైల్లో స్పాట్ ట్రేడులే లేవు, నిజమే.

ఇక్కడ పాఠం చెప్పకుండా పన్ను లెక్క పెట్టాను. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో కాయిన్ల అమ్మకం మీద లాభానికి 30 శాతం పన్ను, సెస్సుతో 31.2. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్ళడానికీ వీల్లేదు. ఒక కాయిన్‌లో 20,000 పోయి, ఇంకోదాంట్లో 20,000 వస్తే చేతిలో సున్నా. కానీ కట్టాల్సింది 6,240. పోయింది నిజంగా రాబట్టాలంటే 29,000 పైచిలుకు గెలవాలి. అమ్మిన ప్రతిసారీ 1 శాతం టీడీఎస్ కోస్తారు. అది రిటర్నులో లెక్కకు వస్తుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. ఫ్యూచర్స్‌కి ఈ పన్ను ఎలా వర్తిస్తుందో ఆడిటర్ని అడగమన్నాను, అది నా పని కాదు. స్పాట్‌లో మాత్రం "పోయింది రాబట్టడం" అనే ఆటను మన చట్టమే దాదాపు సగం ఎక్కువ కష్టం చేసి పెట్టింది.

అతను నోట్‌బుక్‌లో 29,070 అని రాసుకుని చుట్టూ గీత గీశాడు. స్పాట్‌ను కూడా రూల్లో చేర్చాం.

ఆదివారం. విరామం ఖరీదు

ఆ శుక్రవారం రాత్రి అతను తీసుకుందామనుకుని ఆగిన షార్ట్ గెలిచేదట. రెండు రోజులుగా అదే గోల: "నీ రూలు వల్ల మూడు వేలు పోయింది బావా."

పోయి ఉండొచ్చు. విరామానికి ఖరీదు ఉండదని నేనెప్పుడూ అనలేదు. గొడవేమిటంటే గెలిచేవే గుర్తుంటాయి, ఓడేవి గుర్తుండవు. అందుకే ఫైల్లో కొత్త కాలమ్ చేర్చాను. విరామంలో ఏదైనా ట్రేడు తీయాలనిపిస్తే ఆ క్షణంలోనే ధర, స్టాప్, టార్గెట్, సైజు రాసి నాకు పంపాలి. ఫలితం తెలిశాక పంపినది లెక్కలోకి రాదు. ఈ వారం వచ్చినవాటిలో ఒకటి గెలిచేది, రెండు స్టాప్ తగిలేవి. ఒకదాంట్లో సైజు దగ్గర 4.5 లక్షలు అని ఉంది. ఎందుకంత అని అడిగితే నవ్వే ఎమోజీ పంపి, కాసేపటికి 1.9 అని దిద్దాడు. రెండు అంకెల్నీ ఫైల్లో ఉంచాను.

ఇంతలోనే తీర్పు చెప్పడానికి ఈ కాలమ్‌లో సరుకు చాలదు. వచ్చే వారం పని: స్పాట్ ఫైలును కూడా ఇదే పద్ధతిలో ట్రేడులుగా కలపడం. అందులో ఒకే కాయిన్ విడతలుగా కొని విడతలుగా అమ్మాడు కాబట్టి "పొజిషన్ పూర్తిగా మూసేదాకా" అన్న నా నిర్వచనం అక్కడ పనిచెయ్యదు.